అడిగింది దేవుడేనా?

సంపాదకులకు,

'దేవుడు చెప్పిందే ధర్మం' అన్న మీ గతవారం వ్యాసం అసలు చిక్కును దాటేసింది. ప్లేటో 'యూథిఫ్రో'లో సోక్రటీస్ అడిగిందే అది: మంచిది కాబట్టి దేవతలు మెచ్చుతారా, వాళ్లు మెచ్చారు కాబట్టి మంచిదా?

శ్రీనాథుడి 'హరవిలాసం'లో చిరుతొండనంబి కథే తీసుకోండి. మారువేషంలో వచ్చిన శివుడు కొడుకు మాంసం వండిపెట్టమంటాడు. తల్లిదండ్రులు వండి వడ్డిస్తారు. దేవుడి మాటే ధర్మమైతే ఆ హత్యా ధర్మమే. కాదంటారా, దేవుణ్ణీ తూచే కొలత ముందే ఉన్నట్టు. బిడ్డ చివరికి బతికొచ్చాడుగా అంటే చాలదు. కత్తి పట్టినప్పుడు తండ్రికి ఆ సంగతి తెలియదు.

ఆస్తికులకు దారి లేకపోలేదు. మంచికి ప్రమాణం దేవుడి స్వభావమే, ఆజ్ఞ వల్ల పుట్టేది కర్తవ్యం మాత్రమే అని అమెరికన్ తాత్త్వికుడు రాబర్ట్ ఆడమ్స్ 1999లో వాదించాడు. ప్రేమమయుడి ఆజ్ఞకే కట్టుబడాలి కనుక, బిడ్డను చంపమంటే అది దేవుడి మాటేనా అని ముందు అనుమానించాలి.

మరి ప్రేమ మంచిదని మనకు ముందే ఎలా తెలిసింది? రసాయన సూత్రం తెలియకపోయినా నీళ్లను గుర్తుపట్టినట్టే, మూలం తెలియకపోయినా మంచిని గుర్తుపడతాం అని ఆస్తికుడు అనవచ్చు. అలా ఒప్పుకుంటే, ఆజ్ఞను పరీక్షించే హక్కు భక్తుడికి ఉన్నట్టే. మీ వ్యాసకర్త కాదన్నది సరిగ్గా ఆ హక్కునే.

— ఒక పాఠకుడు, కొత్తగూడ, హైదరాబాద్