బోర్డు మీద లేని అంకె

చెత్త కాల్చి కరెంటు తీసే ప్లాంటు గేటు బోర్డు మీద దుమ్ము, సల్ఫర్ డయాక్సైడ్ అంకెలు మారుతూనే ఉంటాయి. డయాక్సిన్ అంకె మాత్రం కనిపించదు. దానికి గంటల తరబడి పొగ నమూనా పట్టి ల్యాబుకి పంపాలి. 850 డిగ్రీల మంటలో చచ్చిన డయాక్సిన్, పొగ 450 నుంచి 200 డిగ్రీలకి మెల్లగా చల్లారేటప్పుడు బూడిద రేణువుల మీద మళ్లీ పుడుతుంది. అందుకే చల్లారిన పొగలోకి యాక్టివేటెడ్ కార్బన్ పొడి ఊది, సన్న బూడిదతో సహా గుడ్డసంచుల ఫిల్టర్లలో పట్టుకుంటారు. పట్టారు సరే, విషం మాయమవలేదు, సంచిలోకి మారిందంతే. అందుకే నేను చిమ్నీ వైపు చూడను (చలికాలం తెల్లపొగ చాలావరకు ఆవిరే), రెండు లెక్కలు అడుగుతాను: నెలకి ఎన్ని కిలోల కార్బన్ వాడారు? సంచుల నుంచి దులిపిన బూడిద ఎక్కడికి పోయింది? మీ ఊళ్లోనూ ఇవే అడగండి.