పలాస పిక్క, డాలరు లెక్క

2013 మే నెల మొదట్లో డాలరు విలువ 54 రూపాయలకు అటూఇటూగా ఉంది. ఆగస్టు 28 నాటికి అది 68 రూపాయల 80 పైసలకు చేరింది. ఆ నాలుగు నెలల్లో మన పొలాల్లో పంట ఏమీ మాడిపోలేదు, మన కర్మాగారాలు మూతపడలేదు. వాషింగ్టన్‌లో మే 22న అమెరికా కేంద్ర బ్యాంకు అధిపతి బెన్ బెర్నాంకీ, తాము నెలనెలా కొంటున్న బాండ్ల మొత్తాన్ని రానున్న సమావేశాల్లో తగ్గించే అవకాశం ఉందని చెప్పారు. తగ్గించలేదు, తగ్గించవచ్చని అన్నారంతే. ఆ మాటకు పలాసలో జీడిపిక్కలు కాల్చి పప్పు తీసే బట్టీల యజమాని ఎందుకు మూల్యం చెల్లించాల్సి వచ్చిందన్నది మన జిల్లావాళ్లు అర్థం చేసుకోవాల్సిన విషయం.

పలాస-కాశీబుగ్గలో జీడి పరిశ్రమకు ఉద్దానం పిక్క ఒక్కటే చాలదు. స్థానిక పంట కొన్ని నెలలకే సరిపోతుంది. మిగతా కాలం ఆఫ్రికా దేశాల పిక్క రావాలి, దాని ధర డాలర్లలోనే ఉంటుంది. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా పశ్చిమ ఆఫ్రికా పంటకాలం కాబట్టి ఒప్పందాలూ ఆ నెలల్లోనే కుదురుతాయి. బ్యాంకు ఎల్‌సీ మీద సరుకు తెప్పించుకుని మూడు నెలల తర్వాత డబ్బు కట్టడం ఈ వ్యాపారంలో మామూలే. లెక్క సులువుగా ఉండటానికి టన్ను వెయ్యి డాలర్ల చొప్పున వంద టన్నులకు మే నెలలో ఒప్పందం రాసుకున్న ఒక వ్యాపారిని ఊహించుకుందాం. ఆ రోజు లెక్కలో సరుకు విలువ 54 లక్షలు. ఆగస్టు ఆఖరులో బ్యాంకు అతని ఖాతా నుంచి తీసుకునేది 68 లక్షలు. పిక్క అదే, టన్ను ధర అదే, తేడా 14 లక్షలు. ఆ పప్పులో ఎక్కువ భాగం అమ్ముడయ్యేది దేశంలోని మిఠాయి కొట్లకూ కిరాణా మార్కెట్లకూ. అక్కడి ధర డాలరుతో పాటు అదే వేగంతో పైకి పోదు. పైగా చాలామంది చిన్న యజమానులు నేరుగా దిగుమతి చేసుకోరు, దిగుమతిదారు దగ్గర కొంటారు. అతను పెంచిన ధరే వాళ్లకు డాలరు ధర.

డాలరు అంతగా ఎందుకు ఎగిరిందో చూడాలంటే హాట్ మనీ నడక తెలియాలి. అమెరికాలో వడ్డీ దాదాపు సున్నాకు పడిపోయిన ఏళ్లలో అక్కడి ఫండ్లు తక్కువ వడ్డీకి డబ్బు తెచ్చి మన ప్రభుత్వ బాండ్లలో, కంపెనీల అప్పుపత్రాల్లో పెట్టాయి. ఇక్కడ ఏడెనిమిది శాతం వడ్డీ వచ్చేది. ఇలాంటి సొమ్ము ఫ్యాక్టరీ కట్టదు, కాలువ తవ్వదు. వడ్డీల తేడా కోసం వస్తుంది, తేడా తగ్గుతుందన్న అనుమానం రాగానే వెళ్లిపోతుంది. 2013లో ఎక్కువ సొమ్ము షేర్ల నుంచి కాక అప్పుపత్రాల నుంచే వెళ్లింది. ఫండు బాండు అమ్మినప్పుడు చేతికొచ్చేవి రూపాయలు. వాటిని న్యూయార్క్‌కు పంపడం కుదరదు కాబట్టి బ్యాంకుకు ఇచ్చి డాలర్లు కొనాలి. ఒకే వారంలో వందలాది ఫండ్లు అదే పని చేస్తే డాలర్లు అమ్మేవాళ్లు కరువై ధర పెరుగుతుంది. ఆ పెరుగుదలను చూసి ఇంకా ఉన్న ఫండ్లు తమ బాండ్ల విలువ డాలర్లలో కరిగిపోతోందని గ్రహించి అవీ బయలుదేరతాయి. భయపడి వెళ్లడమే భయాన్ని నిజం చేస్తుంది.

ఇక్కడితో ఆగితే నష్టం కొంత వరకే. మనవాళ్లు కూడా అదే దారి పట్టడమే అసలు దెబ్బ, దాన్ని మన జిల్లాలోనే చూడొచ్చు. టెక్కలి చుట్టుపక్కల క్వారీల గ్రానైట్ విదేశాలకు పోతుంది, ఎగుమతిదారుకు డాలర్లు వస్తాయి. ఈ రోజు 60కి మార్చుకుంటే ఫలానా మొత్తం, నెల ఆగితే 65 రావచ్చు. నిబంధనలు ఇచ్చే గడువు నెలల్లో ఉంటుంది కాబట్టి ఆగుతాడు. పలాస దిగుమతిదారు దానికి సరిగ్గా ఎదురు పని చేస్తాడు. రెండు నెలల తర్వాత కట్టాల్సిన డాలర్లను ఇప్పుడే కొని పెట్టుకుంటాడు. ఇద్దరిలో ఎవరూ తప్పు చేయడం లేదు, తమ లెక్క తాము చూసుకుంటున్నారు. అలాంటి లెక్కలు దేశమంతటా కలిస్తే డాలర్లు అమ్మాల్సినవాళ్లు ఆగిపోతారు, కొనాల్సినవాళ్లు ముందే కొంటారు. విదేశీ ఫండ్లు తీసుకెళ్లిన దానికంటే పెద్ద కొరత ఇలా పుట్టవచ్చు. 2012 మే నెలలో, రూపాయి అప్పటికే నీరసిస్తుండగా, ఎగుమతిదారులు తమ విదేశీ కరెన్సీ ఖాతాల్లో దాచుకున్న దానిలో సగాన్ని రూపాయల్లోకి మార్చుకోవాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది ఇందుకే.

దీనికి తోడు బంగారం. రూపాయి మీద నమ్మకం సడలినప్పుడు మన కుటుంబాలు డాలర్లు కొనవు, బంగారం కొంటాయి. దేశం లెక్కలో అదీ డాలర్లు బయటికి పోవడమే. పేరు పెట్టకపోయినా ఇది పెట్టుబడుల పలాయనం లాంటిదే. 2012-13లో మన కరెంటు ఖాతా లోటు జీడీపీలో 4.8 శాతానికి పెరగడానికి బంగారం దిగుమతులు ఒక ముఖ్య కారణం. అంత లోటును పూడ్చడంలో ఆ హాట్ మనీది పెద్ద పాత్ర. అందుకే బెర్నాంకీ మాట చైనా కంటే మనల్ని, ఇండొనేషియాను, టర్కీని ఎక్కువ కుదిపింది. లోటు ఉన్న దేశానికే ఈ గాలి గట్టిగా తగులుతుంది.

రిజర్వ్ బ్యాంకు ఏం చేసింది? జూలై 15న బ్యాంకులు అత్యవసరంగా తీసుకునే అప్పు మీద వడ్డీని 10.25 శాతానికి పెంచి, రూపాయలు దొరకడం కష్టం చేసింది. రూపాయి అప్పు చేసి డాలరు మీద పందెం వేసేవాళ్లకు అది దెబ్బే. కానీ పదేళ్ల ప్రభుత్వ బాండ్ల వడ్డీ కూడా ఆగస్టులో 9 శాతం దాటింది. దిగుమతి చేసుకున్న సరుకుకు ఎక్కువ రూపాయలు కావాల్సిన నెలల్లోనే ఆ రూపాయలు ఖరీదయ్యాయి. జూలై 22న బంగారం మీద ఆంక్ష పెట్టింది. తెచ్చిన దానిలో ఐదో వంతును ఎగుమతిదారులకు ఇవ్వాలి. ఆగస్టులో బంగారం సుంకం 10 శాతానికి చేరింది. ఆగస్టు 14న వ్యక్తులు విదేశాలకు పంపుకోగల వార్షిక పరిమితిని 2 లక్షల డాలర్ల నుంచి 75 వేలకు కుదించింది, విదేశాల్లో పెట్టుబడి పెట్టే మన కంపెనీల పరిమితిని వాటి నికర విలువకు నాలుగు రెట్ల నుంచి ఒక రెట్టుకు తగ్గించింది.

ఈ జాబితాలో గమనించాల్సింది, వెళ్లిపోతున్న విదేశీ ఫండ్ల మీద ఒక్క ఆంక్ష కూడా లేదు. ఉన్నవన్నీ మనవాళ్ల మీదే. కారణం తెలుసుకోవాలి. వెళ్లే దారి మూస్తే ఇంకా లోపల ఉన్న ఫండ్లు తలుపు పూర్తిగా మూయకముందే బయటపడాలని చూస్తాయి, కొత్తవి రావు. ఆగస్టు 14 ప్రకటన తర్వాత అదే భయం మార్కెట్‌ను పట్టుకుంది. రాబోయేది విదేశీయుల మీద ఆంక్షేనేమో అన్న ఊహతో మరుసటి రెండు వారాల్లో రూపాయి మరింత జారింది. బంగారం ఆంక్ష దిగుమతి లెక్కలను తగ్గించింది నిజమే, దొంగ బంగారం విమానాశ్రయాల గుండా పెరగడమూ నిజమే. 2014 నవంబరులో ఆ ఆంక్షను ఎత్తేశారు.

రూపాయిని నిలబెట్టింది ఆంక్ష కాదు, ఆశ చూపించడం. సెప్టెంబరు 4న బాధ్యతలు తీసుకున్న రఘురామ్ రాజన్ ఆ రోజే ఒక పథకం ప్రకటించారు. ప్రవాస భారతీయులు కనీసం మూడేళ్లకు ఎఫ్‌సీఎన్‌ఆర్ ఖాతాల్లో డాలర్లు డిపాజిట్ చేస్తే, బ్యాంకులు ఆ డాలర్లను రిజర్వ్ బ్యాంకుకు ఇచ్చి రూపాయలు తీసుకోవచ్చు. మూడేళ్ల తర్వాత డాలర్లు తిరిగి తీసుకునే ఖర్చు ఏడాదికి 3.5 శాతం మాత్రమే. మార్కెట్లో దానికి ఆరు, ఏడు శాతం అయ్యేది, తేడాను భరించింది రిజర్వ్ బ్యాంకు. నవంబరు ఆఖరుకు ఈ దారిన సుమారు 26 బిలియన్ డాలర్లు, బ్యాంకుల విదేశీ అప్పులతో కలిపి 34 బిలియన్లు వచ్చాయి. ఈలోగా సెప్టెంబరు 18న అమెరికా కేంద్ర బ్యాంకు కొనుగోళ్ల కోతను వాయిదా వేసింది. రూపాయి 62 ప్రాంతానికి కోలుకుంది. 2016లో ఆ డిపాజిట్లు తీరినప్పుడు పెద్ద కుదుపు లేకుండా చెల్లించేశారు.

పథకం ఫలించిందని ఒప్పుకుంటూనే లాభం ఎవరికి పోయిందో చూడాలి. కొందరు ప్రవాసులకు విదేశీ బ్యాంకులే డిపాజిట్ మొత్తంలో అధిక భాగం అప్పుగా ఇచ్చాయి. సొంత డబ్బు కొద్దిగా పెట్టి పెద్ద రాబడి పొందారు. కవిటి, సోంపేట పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కార్మికుడికి ఆ తలుపు తెరుచుకోలేదు. అతనికి దక్కింది ఒకటే. వెయ్యి దిర్హమ్‌లు పంపితే మే నెలలో సుమారు 14,700 రూపాయలు వచ్చేవి, ఆగస్టు ఆఖరులో 18,700 దాకా వచ్చాయి. ఇల్లు గడవాలి కాబట్టి ఎప్పుడు పంపాలో ఎంచుకునే అవకాశం అతనికి లేదు.

2018లో మళ్లీ అదే గాలి వీచింది. అమెరికా వడ్డీలు పెరిగి, చమురు ధర ఎక్కి, విదేశీ ఫండ్లు వెళ్లాయి. అక్టోబరు మొదటి వారంలో డాలరు తొలిసారి 74 దాటింది. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటి ఉద్దానంలో కొబ్బరినీ జీడినీ కూల్చింది. కూలిన జీడితోట మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. స్థానిక పిక్క తగ్గితే ఆఫ్రికా పిక్క మీద ఆధారపడటం పెరుగుతుంది, అంటే డాలరు మీద ఆధారపడటం పెరుగుతుంది. ఆ సంవత్సరాంతానికి చమురు దిగి డాలరు 70 దిగువకు వచ్చింది. కూలిన చెట్లు అంత తొందరగా రాలేదు.

నా అభిప్రాయంలో అదుపు చేయాల్సింది వెళ్లేటప్పుడు కాదు, వచ్చేటప్పుడు. చిలీ 1991 నుంచి 1998 దాకా విదేశీ అప్పు సొమ్ములో కొంత భాగాన్ని, మొదట 20, తర్వాత 30 శాతాన్ని, వడ్డీ లేకుండా కేంద్ర బ్యాంకులో ఉంచమంది. తక్కువకాలం ఉండే డబ్బుకే ఆ భారం ఎక్కువగా తగులుతుంది. మలేషియా 1998 సెప్టెంబరులో సంక్షోభం నడుమ వెళ్లే దారిని ఏడాది పాటు మూస్తున్నట్లు ప్రకటించి, రింగిట్‌ను డాలరుకు 3.80 దగ్గర కట్టేసింది. దేశం నిలబడింది కానీ పందెం పెద్దది. మన దేశం అప్పట్లో విదేశీయులు ప్రభుత్వ బాండ్లు కొనడానికి పరిమితి పెట్టి ఉంచడం చిలీ ధోరణికి దగ్గరే. 2013లో పోయిన సొమ్ము ఇంకా పెద్దది కాకపోవడానికి ఆ పరిమితీ ఒక కారణం. దాన్ని మరింత సడలించాలన్న ఒత్తిడి వచ్చినప్పుడల్లా ఆ వేసవి గుర్తుండాలి.

రూపాయిని కాపాడటం ఢిల్లీ, ముంబయిల పని. పలాస యజమాని తనను తాను కాపాడుకునే దారి మాత్రం ఒకటుంది, ఫార్వర్డ్ కాంట్రాక్ట్. మే నెలలోనే మూడు నెలల తర్వాతి డాలరు ధరను బ్యాంకుతో ఖరారు చేసుకోవడం. ఏడాదికి ఆరు శాతం చొప్పున లెక్కేసినా మూడు నెలలకు డాలరుకు 80 పైసలు. పైన చెప్పిన లక్ష డాలర్లకు ఖర్చు 80 వేలు, తప్పే నష్టం 14 లక్షలు. డాలరు తగ్గితే ఆ లాభం వదులుకోవాలి, అది నిజమే. కానీ పిక్క కాల్చేవాడు డాలరు మీద పందెం కాయాల్సిన పని లేదు. చిక్కు ఎక్కడంటే, దీనికి బ్యాంకు పరిమితి మంజూరు చేయాలి, మార్జిన్ అడుగుతుంది. చిన్న బట్టీకి అది దొరకదు. చిన్న వినియోగదారులు బేరం లేకుండా పారదర్శక ధరకు డాలర్లు కొనుక్కోవడానికి 2019లో ఎఫ్ఎక్స్-రిటైల్ అనే వేదిక వచ్చినా, మన ఊళ్లలో దాని పేరు తెలిసినవాళ్లు తక్కువ. పలాస, కాశీబుగ్గ బ్యాంకు శాఖలు ఎల్‌సీ ఇచ్చేటప్పుడే ఫార్వర్డ్ పరిమితిని కూడా కలిపి మంజూరు చేయాలి. జీడి వ్యాపారుల సంఘాలు చిన్న యజమానుల తరఫున ఉమ్మడిగా దాన్ని అడగాలి. ఆఫ్రికా ఒప్పందాలు మొదలయ్యే ఫిబ్రవరికి ముందే అడగాలి.