మేకలో ఏ, మేకులో ఏ: అక్షరం దాచిన అచ్చు

రాయ్‌పూర్ జయస్తంభ్ చౌక్ చుట్టుపక్కల ఏ వీధిలో నడిచినా దేవనాగరిలో రాసిన బ్యాంకు బోర్డు ఒకటైనా కనిపిస్తుంది. అందులో 'బ' మీద రెండు గీతలుంటాయి. హిందీ నేర్పే తెలుగు పుస్తకాలు ఆ జంట గీతకు మన 'ఐ'ని సమానంగా చూపిస్తాయి. ఆ లెక్కన దాన్ని 'బైంక్' అని చదవాలి. ఎవరూ అలా చదవరు. మాట ముందే తెలుసు కనుక తెలుగువారు కూడా 'బ్యాంక్' అనే అంటారు. అదే మనిషి ఇంటికి వెళ్లి, పిల్లల హిందీ వాచకంలో ఎద్దు బొమ్మ కింద అదే జంట గీతతో ఉన్న మాటను 'బైల్' అని చదువుతారు. ప్రామాణిక హిందీలో మాత్రం ఈ రెండు మాటల్లోనూ ఉన్నది దాదాపు ఒకే అచ్చు. అది 'ఐ' కాదు.

పిల్లవాడు బడిలో 'బైల్' అంటే టీచరు దిద్దుతారు. దిద్దుబాటు విని 'బేల్' అన్నాడనుకోండి, అప్పుడది ఎద్దు కాదు, తీగ అవుతుంది, లేదా మారేడు అవుతుంది. వాడికి చెవి లేదనీ శ్రద్ధ లేదనీ అనుకోవడం తేలిక. అసలు తప్పు ఆ పక్కపక్క అక్షరాల పట్టికది. అక్షరానికి అక్షరం జత చేసే పట్టిక చదవడానికి పనికొస్తుంది, పలకడానికి చాలదు. పలకడానికి కావలసింది అచ్చుల పటం. భాషాశాస్త్ర విద్యార్థులు దాన్ని మొదటి సంవత్సరంలోనే చూస్తారు. భాష నేర్చుకునే పిల్లలు ఎప్పటికీ చూడరు.

ఆ పటం గీయడానికి మూడు ప్రశ్నలు చాలు. నాలుక ఎంత ఎత్తుకు లేచింది? నాలుక ఉబ్బు నోటి ముందు భాగంలో ఉందా, వెనక ఉందా? పెదవులు గుండ్రంగా ఉన్నాయా? 'ఈ' అంటే నాలుక ముందుకొచ్చి అంగిలికి దగ్గరగా లేస్తుంది, పెదవులు చదునుగా సాగుతాయి. 'ఊ' అంటే నాలుక వెనక లేస్తుంది, పెదవులు గుండ్రమవుతాయి. 'ఆ' అంటే దవడ జారి నాలుక కింద పరుచుకుంటుంది. 'ఈ'కీ 'ఆ'కీ మధ్య ముందు వైపున 'ఏ', 'ఊ'కీ 'ఆ'కీ మధ్య వెనక వైపున 'ఓ' ఉంటాయి. ఎడమ చేతి వైపు ముందు, కుడి చేతి వైపు వెనక, పైన ఎత్తు, కింద పల్లం అనుకుని గీస్తే పై గీత పొడుగ్గా, కింది గీత కురచగా ఉండే చతుర్భుజం వస్తుంది. నోరు తెరిచేకొద్దీ నాలుకకు ముందు వెనకల మధ్య కదిలే చోటు తగ్గుతుంది మరి.

మూడో ప్రశ్నను తెలుగువాళ్లు పట్టించుకోరు. మన భాషలో ముందు అచ్చులన్నీ చదును పెదవులతో, 'ఉ', 'ఒ'లు గుండ్రని పెదవులతో వస్తాయి కాబట్టి రెండో ప్రశ్నకు జవాబు తెలిస్తే మూడోదానికీ తెలిసిపోతుంది. అన్ని భాషలూ ఇలా ఉండవు. 'ఈ' అంటూ నాలుకను కదపకుండా పెదవులను మాత్రం సున్నాలా చుట్టండి, ఫ్రెంచి, జర్మన్ భాషల్లోని అచ్చు ఒకటి వినిపిస్తుంది. అంత దూరం పోనక్కర్లేదనుకుంటే, తమిళంలో మాటల చివర వచ్చే పొట్టి ఉకారాన్ని వినండి. నాలుక 'ఉ'కి దగ్గరగానే ఉంటుంది, పెదవులు గుండ్రమవ్వవు.

ఇప్పుడు ఎద్దు దగ్గరికి వద్దాం. హిందీ ఎద్దులోని అచ్చు ముందు వైపుదే. ఎత్తులో 'ఏ'కి ఒక మెట్టు దిగువన ఉంటుంది, పెదవులు చదునుగా ఉంటాయి. నాలుక ఒకచోట నిలుస్తుంది, జారదు. మన 'ఐ' అలా కాదు. అది 'అ' దగ్గర మొదలై 'ఇ' వైపు జారే కదలిక. పటం మీద హిందీ అచ్చు ఒక చుక్క, మన 'ఐ' ఒక బాణం. చుక్కకు బాణాన్ని జత చేసిన పట్టికతో ఎంత సాధన చేసినా గురి కుదరదు. హిందీలోనూ 'భైయా' లాంటి మాటల్లో, అంటే వెంటనే యకారం వచ్చినచోట, జారుడు వినిపిస్తుంది. పట్టిక సరైనదే అనిపించడానికి ఇలాంటి మాటలు కూడా కారణం.

ఆ చుక్క తెలుగువారి నోటికి కొత్తది కాదు. 'మేక' అనండి. వెంటనే 'మేకు' అనండి. రాతలో రెండిటికీ ఒకే 'మే'. నోట్లో మాత్రం మేకలో దవడ కొంచెం ఎక్కువ దిగుతుంది, మేకులో 'ఏ' బిగువుగా పైన ఉంటుంది. వేట, వేటు అన్నా ఇదే తేడా. కోట, కోటి అంటే వెనక వైపు 'ఓ'లోనూ ఇదే జరుగుతుంది. తర్వాతి అక్షరంలో అకారం ఉంటే ముందున్న ఏకార ఓకారాలు దిగుతాయి, ఇకార ఉకారాలుంటే లేస్తాయి. ఈ దిగడం ఎంత అన్నది మనిషిని బట్టి, ప్రాంతాన్ని బట్టి మారుతుంది, దిశ మాత్రం ఇదే. తెలుగులో ఇది దానంతటదే జరిగిపోతుంది. ఈ తేడా వల్ల మాట అర్థం మారదు కనుక మన చెవి దాన్ని లెక్కలోకి తీసుకోదు, లిపి కూడా తీసుకోలేదు. హిందీలో ఇదే తేడా తీగను ఎద్దు చేస్తుంది, మేళనాన్ని మురికి చేస్తుంది.

పిల్లవాడు ఎక్కడ జారుతున్నాడో కూడా దీన్నిబట్టి ఊహించవచ్చు. హిందీ మాట హల్లుతో ఆగుతుంది. తెలుగు నోరు దానికి చివర చిన్న ఉకారం తగిలించి 'బేలు' అనబోతుంది. ఆ ఉకారం ఏకారాన్ని మేకులోలాగా పైకి లాగే అవకాశం ఉంది. అప్పుడు ఎంత దిద్దినా తీగే వస్తుంది, ఎద్దు రాదు.

ఇదంతా చెవితో చెప్పే మాటే కదా, కొలత ఏదీ అని అడగవచ్చు. ఉంది. గొంతు నుంచి పెదవుల దాకా ఉన్న దారి ఒక గొట్టం లాంటిది. పురుషుల్లో దాని పొడవు సుమారు 17 సెంటీమీటర్లు. ఒకవైపు మూసి, ఒకవైపు తెరిచిన అంత పొడవు గొట్టం 500, 1500, 2500 హెర్ట్జ్ దగ్గర అనునాదం చెందుతుందని ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంతోనే లెక్కకట్టవచ్చు. నాలుక ఆ గొట్టం ఆకారాన్ని మార్చినప్పుడు ఈ శిఖరాలు జరుగుతాయి. వాటినే ఫార్మెంట్లు అంటారు. నోరు తెరుచుకునేకొద్దీ మొదటి ఫార్మెంటు పెరుగుతుంది: పురుషుల గొంతులో 'ఈ'కి సుమారు 300 హెర్ట్జ్, 'ఆ'కి 700 ప్రాంతం. నాలుక వెనక్కి పోయేకొద్దీ రెండోది తగ్గుతుంది. ఈ రెండిటినీ అక్షాలు తిరగేసి గీస్తే పాత చతుర్భుజమే కాస్త వంకరగా ప్రత్యక్షమవుతుంది.

ఇంట్లో చేసి చూడాలంటే ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు చాలు. 'నేను వేట అన్నాను', 'నేను వేటు అన్నాను' అనే వాక్యాలను కలగలిపి ఒక్కొక్కటి పదిసార్లు రికార్డు చేసి, ఏకారం నడిమధ్యన ఫార్మెంట్లు చదవాలి. మేక జోలికి పోవద్దు, మకారం ముక్కు శబ్దం పక్కనున్న అచ్చు కొలతను చెడగొడుతుంది. వేటలో మొదటి ఫార్మెంటు ఎక్కువగా రావాలి. రెండు మాటల సగటుల మధ్య తేడా, ఒకే మాటను మళ్లీ మళ్లీ అన్నప్పుడు వచ్చే చెదురుకన్నా పెద్దదైతేనే దానికి విలువ. ఆ తర్వాత హిందీ మాతృభాషగా ఉన్నవారి ఎద్దును అచ్చు మొదటి పావు దగ్గరా, ముప్పావు దగ్గరా కొలవండి. రెండు చోట్లా అంకెలు దగ్గరగా ఉంటే చుక్క, మొదటి ఫార్మెంటు బాగా పడిపోయి రెండోది లేస్తే బాణం. ఒకరి హెర్ట్జ్‌లను ఇంకొకరి హెర్ట్జ్‌లతో నేరుగా పోల్చకూడదు. పిల్లల గొట్టం పొట్టిది, అంకెలన్నీ పైకి పోతాయి. ఎవరి అచ్చునైనా వారి సొంత 'ఈ', 'ఆ', 'ఊ'ల మధ్య ఎక్కడుందో చూడాలి.

చుక్క అనే మాట కూడా కొంత మొహమాటపు మాటే. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు శంకర్ కె. పాల్, ద్విజేశ్ దత్తా మజుందార్ 1977లో అచ్చుల గుర్తింపు మీద ప్రచురించిన పరిశోధనకు వాడింది తెలుగు అచ్చులనే. 30-35 ఏళ్ల ముగ్గురు పురుషులు పలికిన 871 అచ్చులు ఇప్పటికీ ఆ రంగంలో ప్రసిద్ధమైన దత్తాంశం. వాటి ఫార్మెంట్లను గీస్తే చుక్కలు రావు, మబ్బులు వస్తాయి. ఒక మబ్బు అంచు పక్క మబ్బులోకి చొచ్చుకుపోతుంది. గట్టి సరిహద్దులు లేని సమితుల గణితాన్ని, అంటే ఫజీ సెట్లను, వాళ్లు దీని మీద ప్రయోగించడానికి కారణం అదే.

పటానికి ఇంకో లోపం ఉంది, దాన్ని దాచడం మంచిది కాదు. 1917 నాటికి లండన్‌లో డేనియల్ జోన్స్ దీనికి కొలబద్దలు పెట్టినప్పుడు మూలల్లోని అచ్చులను నాలుక స్థానంతో నిర్ణయించి, మధ్య మెట్లను చెవికి సమాన దూరంగా అనిపించేలా సర్దాడు. 1928లో ఆస్కర్ రస్సెల్ ఎక్స్‌రే చిత్రాలతో పుస్తకం వేసి, నాలుక నిజంగా పటం చెప్పినచోట ఉండటం లేదని వాదించాడు. ఆ విమర్శలో పస ఉంది. 'నాలుక ఎత్తు' అని మనం అనేది చాలావరకు చెవి వినే ఎత్తు. పెదవులు గుండ్రమైనా రెండో ఫార్మెంటు తగ్గుతుంది కాబట్టి వెనకదనాన్నీ గుండ్రదనాన్నీ ఫార్మెంట్ల పటం ఒక్కటే విడదీయలేదు, ముఖం కూడా చూడాలి. అయినా పిల్లవాడికి కావలసింది శరీర నిర్మాణ శాస్త్రం కాదు. తన నోట్లో ఇప్పటికే ఉన్న అచ్చుకు కొత్త అచ్చు ఏ పక్కన ఉందో తెలిస్తే చాలు.

మన సంప్రదాయ వర్గీకరణతో ఆ పని జరగదా? తెలుగు వ్యాకరణాలు ఎ, ఏ, ఐలను మూడిటినీ కంఠతాలవ్యాలు అని ఒకే గూట్లో పెడతాయి. సంవృతం, వివృతం అనే ఊహ మన ప్రాచీన శిక్షా గ్రంథాల్లో ఉంది గానీ, బడి పుస్తకం దాకా వచ్చింది స్థానాల జాబితా మాత్రమే. తరగతి గదిలో ఆ జాబితా చెప్పలేనిది ఒక్క వాక్యంతో చెప్పవచ్చు: 'మేక' అనడం మొదలుపెట్టి ఏకారం దగ్గర ఆగు, దాన్ని అలాగే పట్టుకుని ముందు బ, వెనక ల పెట్టి, చివర నోరు మూయకుండా ఆపెయ్.

ఇక రాయ్‌పూర్‌లో ఇంకో చిక్కుంది. భాద్రపద అమావాస్యకు వచ్చే పోలా పండుగకు ఇక్కడి బజార్లలో మట్టి ఎద్దులు అమ్ముతారు. వాటిని ఛత్తీస్‌గఢీలో 'నాందియా బఇలా' అంటారు. 'బ' తర్వాత 'ఇ'ని విడిగా రాస్తారు, అలాగే జారుస్తూ పలుకుతారు. పటం మీద అది అకారం నుంచి ఇకారం వైపు పోయే బాణం. తరగతిలో తెలుగు పిల్లవాడు 'బైల్' అన్నప్పుడు హిందీ టీచరు ఎర్ర సిరాతో సున్నా చుట్టిన అచ్చు, ఊరి సంతలో ఎద్దును అమ్మే రైతు నోట్లోని అచ్చుకు చాలా దగ్గర.