సైన్ వేవ్‌కి హద్దు లేదు, మోడల్‌కి ఉంది

ట్రాన్స్‌ఫార్మర్ల గురించి చదివిన ప్రతివాళ్ళం ఈ మాట వినే ఉంటాం: "లెర్న్‌డ్ పొజిషన్ ఎంబెడింగ్స్‌కి లిమిట్ ఉంటుంది, సైనుసాయిడల్‌కి ఉండదు." మొదటి సగం నిజమే. రెండో సగాన్ని మనం మరీ తేలిగ్గా నమ్మేస్తున్నామని నా అభిప్రాయం.

అటెన్షన్‌కి తనంతట తానుగా పదాల వరుస తెలియదు. అందుకే ప్రతి స్థానానికీ ఒక వెక్టర్ తయారుచేసి టోకెన్‌కి కలుపుతారు. 2017 నాటి అసలు పేపర్‌లో రెండు పద్ధతులూ ప్రయత్నించారు, ఫలితాలు దాదాపు ఒకేలా వచ్చాయి. ట్రైనింగ్‌లో చూసినవాటికంటే పొడవైన వాక్యాలకి పనికిరావచ్చు అనే ఆశతో సైనుసాయిడల్‌ని ఎంచుకున్నారు. ఆ "రావచ్చు"ని మనం నోట్సులో "వస్తుంది" అని రాసేసుకున్నాం.

లెర్న్‌డ్ పద్ధతి అంటే ఒక టేబుల్. బెర్ట్‌లో దానికి 512 వరసలు. 513వ టోకెన్ ఇస్తే వరసే లేదు కాబట్టి ఎర్రర్ వచ్చి ప్రోగ్రామ్ ఆగిపోతుంది. కొత్త వరసలు అతికిస్తే ఎర్రర్ పోతుంది కానీ, ట్రైన్ చేసేదాకా వాటిలో ఉండేవి అర్థంలేని అంకెలే.

సైనుసాయిడల్‌ని చాలా ముళ్ళున్న గడియారం అనుకోండి. వెక్టర్ సైజు 512 అయితే 256 ముళ్ళు. అన్నిటికంటే వేగమైన ముల్లు ఆరు టోకెన్లకి దాదాపు ఒక చుట్టు తిరుగుతుంది. అన్నిటికంటే నిదానమైనది 512 టోకెన్లు గడిచినా దాదాపు 3 డిగ్రీలే కదులుతుంది. లెక్క వేస్తే, 512 పొడవుతో ట్రైన్ చేసినప్పుడు సగానికి పైగా ముళ్ళు ఒక్క చుట్టు కూడా పూర్తిచేయవు. ఇప్పుడు 1000వ స్థానం ఇచ్చాం. నిదానమైన ముల్లు 6 డిగ్రీల దగ్గరుంటుంది. ఫార్ములా విలువ ఇచ్చింది, కానీ ఆ ముల్లు అక్కడుండగా మోడల్ ఎప్పుడూ చూడలేదు. పొద్దున తొమ్మిది నుంచి పది వరకే గడియారం చూపించిన పిల్లాడిని సాయంత్రం టైమ్ అడిగినట్టు. నిమిషాల ముల్లు తెలిసిందే, గంటల ముల్లు దగ్గరే తికమక.

ఇది ఊహ కాదు. 2021లో అలిబై పేపర్ రాసిన ఓఫిర్ ప్రెస్ బృందం కొలిచి చూపించింది. ట్రైనింగ్ పొడవు మీద కొన్ని పదుల టోకెన్లు దాటగానే సైనుసాయిడల్ మోడల్ పెర్‌ప్లెక్సిటీ చెడిపోవడం మొదలైంది. అలిబై ఈ వెక్టర్లనే తీసేసి, టోకెన్ల మధ్య దూరం పెరిగేకొద్దీ అటెన్షన్ స్కోరు తగ్గిస్తుంది. పొడవు పెరిగినా అది చాలా మెరుగ్గా నిలబడింది.

నన్నడిగితే లెర్న్‌డ్ టేబులే నిజాయితీగా ఫెయిలవుతుంది. సైనుసాయిడల్ ఎర్రర్ ఇవ్వదు, నిశ్శబ్దంగా తప్పు జవాబులిస్తుంది. సగటు లాస్ చూస్తే ఇది దొరక్కపోవచ్చు, ఎందుకంటే మొదటి 512 స్థానాల మంచి మార్కులు మిగతావాటిని కప్పేస్తాయి. అందుకే ప్రాజెక్ట్ రిపోర్టులో "ఎంత పొడవైనా పనిచేస్తుంది" అని రాసేముందు స్థానాల వారీగా లాస్ గ్రాఫ్ గీయండి. ట్రైనింగ్ పొడవు దాటాక గీత పైకి లేస్తే, ఆ వాక్యం కొట్టేయాల్సిందే.