ముల్లు కదలకపోతే పైపు పాసైనట్టేనా?

తాగునీటి మెయిన్ వేశాక హైడ్రో టెస్ట్ చేసే రోజున అందరి కళ్లూ ప్రెషర్ గేజ్ ముల్లు మీదే ఉంటాయి. పంపు కొట్టి 9 కేజీలకు ఎక్కిస్తారు, వాల్వు కట్టేస్తారు, రెండు గంటలు ఆగుతారు. ముల్లు అక్కడే ఉంటే లైను పాస్. రిపోర్టులో ‘ప్రెషర్ డ్రాప్: నిల్’ అని రాసి సంతకాలు పెడతారు, మర్నాడు పొక్లెయిన్ వచ్చి కందకం పూడ్చేస్తుంది. కాంట్రాక్టరు మనుషులకే కాదు, బిల్లు పాస్ చేసే ఇంజినీర్లలో చాలామందికి కూడా పరీక్షంటే ఇంతే. ఈ నమ్మకం తప్పు. ముల్లు చూసి ఇచ్చే తీర్పు కారే లైనును పాస్ చేయగలదు, బాగున్న లైనును ఫెయిల్ చేయగలదు. పరీక్షలో కొలవాల్సింది నీళ్లు, అదీ లీటర్లలో.

ఒక లెక్క చేసి చూద్దాం. 300 మి.మీ. డీఐ పైపు, కె9 రకం, ఒక కిలోమీటరు సెక్షన్. నడిచే ప్రెషర్ గరిష్ఠంగా 6 కేజీలు, అంటే 60 మీటర్ల నీటి ఎత్తు. దానికి ఒకటిన్నర రెట్లు 9 కేజీలు. నీటి దెబ్బ వల్ల వచ్చే అదనపు ప్రెషర్‌ను కలిపినా ఇక్కడ 9 దాటదనుకుందాం, కాబట్టి అదే టెస్ట్ ప్రెషర్. ఈ ప్రెషర్ సెక్షన్‌లో అన్నిటికన్నా పల్లంలో ఉన్న చోట రావాలి. గేజ్ అంతకన్నా 15 మీటర్ల ఎత్తున ఉంటే అక్కడ ఏడున్నర కేజీలు చూపిస్తే చాలు.

ఎంత నష్టం ఒప్పుకోవచ్చో సీపీహెచ్‌ఈఈఓ మాన్యువల్ చెబుతుంది. వ్యాసంలో ప్రతి మిల్లీమీటరుకు, ప్రతి కిలోమీటరు పొడవుకు, ప్రతి 30 మీటర్ల ప్రెషర్‌కు రోజుకు 0.1 లీటరు. మన సెక్షన్‌కు 300ని 0.1తో, ఆపైన 3తో హెచ్చిస్తే రోజుకు 90 లీటర్లు, అంటే గంటకు మూడు ముప్పావు లీటర్లు. ఈ కొలత రోజుల్లోనూ లీటర్లలోనూ ఉంది. ఇందులో ముల్లు ప్రస్తావనే లేదు.

ఇక ముల్లు సంగతి. నీరు నలగదని అంటాం గానీ కొంచెం నలుగుతుంది, పైపు కూడా కొంచెం సాగుతుంది. మన సెక్షన్‌లో పట్టే నీరు సుమారు 70 ఘనపు మీటర్లు. గాలి ఏమాత్రం లేకపోతే ఇందులో ప్రెషర్‌ను ఒక కేజీ పెంచడానికి సుమారు 5 లీటర్లు కావాలి. 5 లీటర్లు బయటికి పోతే ఒక కేజీ పడిపోతుంది. అనుమతి ఉన్న మూడు ముప్పావు లీటర్లే గంటలో పోయాయనుకోండి, ముల్లు ముప్పావు కేజీ దాకా దిగుతుంది. రెండు గంటలకు దాదాపు ఒకటిన్నర కేజీ. నియమం ప్రకారం పాసవ్వాల్సిన ఈ లైనును ముల్లు చూసేవాడు ఫెయిల్ చేస్తాడు.

ఇప్పుడు అదే లైనులో గాలి ఉందనుకుందాం. ఎత్తున్న చోట ఎయిర్ వాల్వు పెట్టలేదు, లేదా నీళ్లు మరీ జోరుగా నింపారు. మొత్తం పరిమాణంలో నూటికి 5 వంతుల గాలి లోపల చిక్కింది. కిలోమీటరులో 50 మీటర్ల పైపు ఖాళీగా ఉన్నదానితో ఇది సమానం. 9 కేజీలకు ఎక్కించాక ఆ గాలి పదో వంతుకు నలిగి 350 లీటర్ల బుడగై కూర్చుంటుంది. ఇక లోపలి నీరు తగ్గినకొద్దీ ఆ బుడగ వ్యాకోచించి లోటు పూడుస్తూ ఉంటుంది. ఇలాంటి లైనులో ఒక కేజీ దిగాలంటే 40 లీటర్లు పోవాలి. గంటకు 10 లీటర్లు కారుతున్నా ముల్లు గంటలో పావు కేజీయే దిగుతుంది. అర కేజీకో గీత ఉన్న గేజ్ మీద అది సగం గీత. నీడలో నిలబడి చూసే మనిషికి ముల్లు కదిలినట్టే అనిపించదు. గంటకు 10 అంటే రోజుకు 240 లీటర్లు, అనుమతించిన దానికి రెండున్నర రెట్లు పైనే. ఈ లైను రిపోర్టులోనే ‘డ్రాప్: నిల్’ అని పడుతుంది.

కాబట్టి ముల్లు నిలకడగా ఉండటం శుభ సూచన కాదు. కొత్తగా నింపిన పొడవైన లైనులో ముల్లు అసలు కదలకపోతే ముందుగా గాలి కోసం వెతకాలి. గాలి ఉందో లేదో పట్టుకునే ఉపాయం పంపు దగ్గరే ఉంది. ప్రెషర్ పంపుకు నీరు ఒక కొలత డ్రమ్ము నుంచి తీసుకుని, ప్రతి కేజీకి ఎన్ని లీటర్లు పట్టాయో రాసుకోవాలి. గాలి లేని మన సెక్షన్ సున్నా నుంచి 9కి ఎక్కడానికి 46 లీటర్లు చాలు. నూటికి 5 వంతుల గాలి ఉంటే అదే 9 రావడానికి 3,200 లీటర్లు పోయాలి. ఒక వంతు గాలికే 700 లీటర్ల దగ్గరికి వస్తుంది. ఇంత తేడా ఎవరికైనా కనిపించేదే, కానీ డ్రమ్ము పెట్టి కొలిస్తేనే కనిపిస్తుంది. మోటారు పంపు గొట్టాన్ని నేరుగా ట్యాంకరులో వేసి ఎక్కించేస్తే ఎన్ని లీటర్లు పోయాయో ఎవరికీ తెలియదు. ఈఎన్ 805 అనే ఐరోపా ప్రమాణంలో ఇందుకోసం విడిగా ఒక దశే ఉంది. ప్రెషర్ కొంత దించి, బయటికొచ్చిన నీటిని కొలుస్తారు. లెక్కకు వచ్చిన దానికన్నా ఐదో వంతు మించి వస్తే, గాలి తీసేదాకా పరీక్ష ముందుకు సాగదు.

వ్యవధిని కూడా ముల్లు నమ్మకమే కుదించేసింది. ఫీల్డులో పెట్టే ప్రెషర్ ఫ్యాక్టరీలో పైపుకు పెట్టిన పరీక్షా ప్రెషర్‌లో మూడింట రెండు వంతుల కన్నా తక్కువైతే కనీసం 24 గంటలు ఉంచాలని మాన్యువల్ అంటుంది. ఈ సైజు డీఐ పైపును ఫ్యాక్టరీలో 9 కేజీలకు ఎన్నో రెట్ల ప్రెషర్‌తో పరీక్షిస్తారు. కనుక ఇక్కడ రెండు గంటలు కుదరదు, 24 గంటలు ఉండాల్సిందే. అంతకు ముందు నింపిన నీటిని ఒక రోజు అలాగే వదిలేయాలి. లోపలి సిమెంటు పూత నీరు పీల్చుకోవాలి, గాస్కెట్లు కుదురుకోవాలి, మిగిలిన గాలి పైకి చేరాలి. ఆ రోజును మిగుల్చుకుంటే పూత పీల్చుకున్న నీరంతా లీకు ఖాతాలో పడుతుంది.

‘నష్టానికి అనుమతి ఇవ్వడమంటే లీకులకు లైసెన్సు ఇవ్వడమే కదా, సున్నా అడిగితే పోలా’ అని వాదించేవారున్నారు. ఆ ఆవేశం మంచిదే గానీ కొలత తెలిసినది కాదు. ఐదున్నర మీటర్ల పైపులైతే కిలోమీటరులో 182 జాయింట్లుంటాయి. 90 లీటర్లను వాటికి పంచితే రోజుకు జాయింటుకు అర లీటరు. పూత పీల్చేది, నీటిలో కరిగే గాలి, గాస్కెట్ సర్దుబాటు, అన్నీ అందులోనే. సున్నా అడిగితే సైటులో జరిగేది సున్నా రాయడమే, సున్నా సాధించడం కాదు. అయితే ఆ 90 లీటర్లూ ఒక్క జాయింటు నుంచే వస్తే పావుగంటకు దాదాపు ఒక లీటరు చొప్పున ధార కడుతుంది. అందుకే జాయింట్లు పూడ్చకుండా వదిలి, ప్రెషర్ మీద ఉండగా లైను పొడవునా నడిచి చూడాలి. కంటికి కనిపించే ఏ లీకునైనా, మొత్తం నష్టం పరిమితిలోనే ఉన్నా సరే, బాగుచేయాల్సిందే.

ఇక ఫెయిలైన పరీక్ష. దీన్ని దాచాల్సిన మచ్చగా చూడటం ఇంకా పెద్ద తప్పు. మన సెక్షన్‌లో మొదటి పరీక్షలో 24 గంటలకు డ్రమ్ము నుంచి 290 లీటర్లు పట్టాయనుకుందాం. నడిచి చూస్తే 61వ జాయింటు కింద మట్టి బురదైంది. చాలాచోట్ల తర్వాత జరిగేది ఏమిటంటే, ఆ జాయింటు ఏదో ఒకటి చేసి, మళ్లీ ఎక్కించి, రెండో కాగితం ఒక్కటే ఫైల్లో పెడతారు. మొదటి కాగితం చెత్తబుట్టలోకి పోతుంది.

సరైన పని ఇలా సాగాలి. ముందు ప్రెషర్ పూర్తిగా దించాలి. ప్రెషర్ మీద జాయింటు ముట్టుకోకూడదు. ఈ సైజు ఎండ్ ప్లేటు మీద 9 కేజీల దగ్గర ఏడు టన్నులు దాటిన తోపు ఉంటుంది, లోపల గాలి కూడా ఉంటే ప్రమాదం ఇంకా పెద్దది. పుష్ ఆన్ జాయింటుకు బిగించే బోల్టులు ఉండవు కనుక పైపు వెనక్కి లాగి విప్పాల్సిందే. విప్పితే సాకెట్ గాడిలో ఇసుక, దాని మీద మడత పడిన గాస్కెట్ కనిపించాయి. గాడి శుభ్రం చేసి, కొత్త గాస్కెట్ వేసి, లూబ్రికెంటు రాసి ఎక్కించారు. ఆ తర్వాత నింపడం, గాలి తీయడం, నానబెట్టడం, 24 గంటలు ఉంచడం, అన్నీ మొదటి నుంచి చేయాలి. ‘ఆగిన చోట నుంచి మిగతా గంటలు’ అనే లెక్క చెల్లదు, ఎందుకంటే ప్రెషర్ దించినప్పుడు ప్రతి గాస్కెట్టూ కదిలింది, ఖాళీ చేసిన చోట గాలి మళ్లీ చేరింది. రెండోసారి 24 గంటలకు 70 లీటర్లు పట్టాయి. పాస్.

రెండు కాగితాలూ ఫైల్లో ఉంటే ఈ లైను గురించి మనకు చాలా తెలుస్తుంది. లోపం ఏ జాయింటులోనో, ఎందుకు వచ్చిందో, సరిచేశాక నష్టం ఎంత తగ్గిందో కళ్లముందు ఉంటుంది. 61వ జాయింటు వేసిన ముఠాయే ఆ రోజు ఇంకే జాయింట్లు వేసిందో చూసి, తర్వాతి సెక్షన్‌లో గాడులు ముందే తనిఖీ చేయొచ్చు. మొదటి కాగితం చింపేస్తే ఇవన్నీ పోతాయి. పది కిలోమీటర్ల లైనుకు ఒక్క ఫెయిలూ లేని ఫైలు నా ముందుకొస్తే నాకు పనితనం మీద గౌరవం కలగదు, పరీక్ష జరిగిందా అన్న అనుమానం కలుగుతుంది.

‘నీళ్లెక్కడివి, రోడ్డు ఎన్ని రోజులు తవ్వి ఉంచుతాం’ అనే మాట మాత్రం నిజమైన ఇబ్బందే. కిలోమీటరు నింపడానికి ఐదువేల లీటర్ల ట్యాంకర్లు పద్నాలుగు దాకా కావాలి. దీనికి జవాబు పరీక్షను కుదించడం కాదు, సెక్షన్‌ను కుదించడం. ఐదు వందల మీటర్లు పరీక్షించి, ఆ నీటినే పక్క సెక్షన్‌కు మళ్లించవచ్చు. పైపుల నడుములు ముందే పూడ్చి జాయింట్లు మాత్రం తెరిచి ఉంచితే ట్రాఫిక్ ఇబ్బంది సగం తీరుతుంది. ఇక డ్రమ్ముకు, కొలబద్దకు అయ్యే ఖర్చు అసలు ఖర్చే కాదు.

అందుకే టెస్ట్ రిపోర్టులో ‘ప్రెషర్ డ్రాప్’ అనే గడి చూసి సంతకం పెట్టే అలవాటు పోవాలి. ఎక్కించేటప్పుడు కేజీ కేజీకి పట్టిన లీటర్లు, 24 గంటల్లో ప్రెషర్ నిలపడానికి గంట గంటకూ పోసిన లీటర్లు, అనుమతించిన లీటర్లు, ఫెయిలైతే జాయింటు నంబరూ కారణమూ ఉండాలి. ఇవి లేని రిపోర్టు మీద బిల్లు ఆపే అధికారం ఏఈకి, డీఈకి ఇప్పటికే ఉంది. వాళ్లు ఆ అధికారాన్ని ఒక్కసారి వాడితే చాలు, ఆ కాంట్రాక్టరు తర్వాతి సెక్షన్‌కు డ్రమ్ము తనే తెచ్చుకుంటాడు.