షాపు కన్నా ముందు రేటు చీటీ

బ్యూటీషియన్ కోర్సు పూర్తిచేసిన అమ్మాయిని ఇంట్లోవాళ్లూ ఇరుగుపొరుగూ మొదట అడిగేది షాపు ఎప్పుడు పెడతావనే. పెట్టేందుకు డబ్బు లేదంటే నేర్చుకున్నది వృథా అయిందని తేల్చేస్తారు. ఆ మాట నమ్మి, వీధిలోవాళ్లకు కనుబొమ్మలు తీస్తూ ఆగిపోయిన అమ్మాయిలు ప్రతి మండల కేంద్రంలోనూ ఉన్నారు. నిజానికి ఈ వృత్తిలో షాపు అవసరమైన పని వేరు, అక్కర్లేని పని వేరు. ఐబ్రోస్, ఫేషియల్, హెయిర్‌కట్ కోసం దారిన పోయేవాళ్లు లోపలికి రావాలి కాబట్టి బోర్డు కనిపించాలి. మెహందీకీ, పెళ్లికూతురి అలంకరణకూ అలా ఎవరూ రారు. ఆ పని జరిగేది వధువు ఇంట్లోనో, కల్యాణ మండపం గదిలోనో. ఎక్కువ డబ్బు వచ్చే పనే షాపు లేకుండా సాగుతుందన్నమాట.

పైగా పెళ్లిపని ఏడాది పొడవునా ఉండదు. ఆషాఢంలో, పుష్యంలో ముహూర్తాలుండవు. గురు మూఢమో శుక్ర మూఢమో వస్తే వారాల తరబడి పెళ్లిళ్లు ఆగిపోతాయి. అద్దె మాత్రం నెలనెలా కట్టాల్సిందే. ముద్ర పథకంలో శిశు రుణం గరిష్ఠంగా 50,000 రూపాయలు. దాన్ని షాపు అడ్వాన్సుకూ, కుర్చీకీ, అద్దాలకూ పెడితే మేకప్ సామాను కొనడానికి ఏమీ మిగలదు. అదే రుణం ఇంటి నుంచి చేసే పనికి తీసుకుంటే మంచి కిట్టు, లైటు, మడత కుర్చీ వచ్చి ఇంకా మిగులుతుంది. పెట్టుబడి లేని అమ్మాయికి మొదటి మెట్టు మెహందీయే అని నేను గట్టిగా చెప్పడానికి కారణం, అందులో సామాను ఖర్చు తక్కువ, చేతి నైపుణ్యం ఎక్కువ.

అయితే కోను సొంతంగా తయారు చేసుకోవాలి. మెత్తగా జల్లించిన మెహందీ పొడి 100 గ్రాములు, పంచదార సుమారు 30 గ్రాములు, నీలగిరి తైలం 30 మిల్లీలీటర్లు, దాదాపు 300 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే పాతిక ముప్పై గ్రాముల కోన్లు పదిహేను దాకా వస్తాయి. పొడి రాజస్థాన్‌లోని సోజత్ నుంచి వచ్చినదైతే మంచిది. అక్కడి మెహందీకి 2021లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కలిపిన ముద్దను వేసవిలో అయిదారు గంటలు, చలికాలంలో రాత్రంతా ఉంచితే రంగు ఊరుతుంది. నైలాన్ గుడ్డలో వడకడితే కోను మూతి దగ్గర అడ్డుపడదు. ఇలాంటి కోను బయట ఉంచితే రెండు మూడు రోజుల్లో బలం కోల్పోతుంది, ఫ్రీజర్‌లో పెడితే నెలల తరబడి నిలుస్తుంది.

నెలల తరబడి కొట్టు అరలో వేలాడినా పదును తగ్గని కోను, అరగంటలో నల్లగా పండే కోను ఆకుతో చేసినవి కావు. నల్ల మెహందీలో తరచుగా కలిపేది జుట్టు రంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనం. అది పడనివాళ్లకు గీసిన డిజైను ఆకారంలోనే బొబ్బలు లేస్తాయి. ఒకసారి అలా జరిగితే ఆ తర్వాత జన్మంతా జుట్టుకు రంగు వేసుకోవడం కూడా ప్రమాదమే. అసలైన మెహందీ కడగ్గానే నారింజ రంగులో ఉంటుంది, గాలి తగిలి రెండు రోజులకు ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. అందుకే ముహూర్తానికి రెండు రోజుల ముందు పెట్టాలి. పైగా ఆ రంగు చర్మం పైపొరలోనే ఉంటుంది కాబట్టి నలుగు పెట్టేటప్పుడు చేతులు గట్టిగా రుద్దితే పాలిపోతుంది. ఈ సంగతి పెళ్లికూతురి తల్లికి ముందే చెప్పకపోతే పండలేదన్న నింద ఈ అమ్మాయి మీదికే వస్తుంది.

ఇక శిక్షణ కేంద్రాల్లో చాలావరకు నేర్పని విషయం, లెక్క. ఉదాహరణకు ఒక మండల కేంద్రంలో పెళ్లికూతురికి మెహందీ, ముహూర్తానికి ముస్తాబు కలిపి ఆరు వేలకు ఒప్పుకుందనుకుందాం. కోన్లకు 250, మేకప్ సామాను అరుగుదలకు 700, పూలజడకు 1,200, తోడు వచ్చిన అమ్మాయికి 800, ఆటోలకు 700. మొత్తం 3,650 పోగా మిగిలింది 2,350. పని గంటలు చూడండి. ముందుగా ట్రయల్‌కు రెండు, వధువు మెహందీకి అయిదు, చుట్టాల చేతులకు మూడు, పెళ్లి రాత్రి అయిదు, ప్రయాణాలకు రెండు, బ్రష్షులు కడిగి సర్దుకోవడానికి ఒకటి. పద్దెనిమిది గంటలు. గంటకు 130 రూపాయలు, అదీ తెల్లవారుజాము ముహూర్తానికి అర్ధరాత్రి నుంచి నిద్ర మానుకుని.

ఇక్కడ రేటు తక్కువని అనుకుంటాం గానీ, అసలు చిల్లు మరోచోట ఉంది. వధువు మెహందీ అవగానే "మా చెల్లికి చిన్న పువ్వు వేయమ్మా" అంటూ పన్నెండు మంది చేతులు చాపారు. ఒక్కొక్కరికి పావుగంట చొప్పున మూడు గంటలు ఉచితంగా పోయాయి. పూలజడ ఎవరు కొనాలో మాట్లాడుకోలేదు, అది ఈమె నెత్తిన పడింది. చుట్టాలకు మనిషికి వంద రూపాయలనీ, పూలజడ పెళ్లివారిదేననీ ముందే రాసి ఇచ్చి ఉంటే ఆరు వేల మాట మార్చకుండానే మిగులు 4,750 అయ్యేది. గంటకు 260 పైమాటే, అంటే రెట్టింపు.

కాబట్టి ఆర్డరు ఒప్పుకున్నరోజే ఒక చీటీ రాయాలి. ఏ పని ఎంతకు, ఎంతమందికి, పూలూ నగలూ ఎవరివి, రాత్రిపూట తీసుకెళ్లి దింపేది ఎవరు, అన్నీ అందులో ఉండాలి. సగం డబ్బు అడ్వాన్సుగా తీసుకోవాలి. మంచి ముహూర్తం ఉన్న రాత్రి ఊళ్లో పెళ్లిళ్లన్నీ ఒకేసారి జరుగుతాయి, ఒకరికి మాటిస్తే మిగతావాళ్లను వదులుకోవాల్సిందే. ఆ అడ్వాన్సు తేదీకి కట్టే ధర. తెలిసినవాళ్ల దగ్గర అడగడానికి మొహమాటపడే అమ్మాయికి కాగితం మీద అచ్చువేసిన షరతు ఎంతో ధైర్యం. నోటితో అడగలేనిది చీటీ అడుగుతుంది.

ట్రయల్‌కు కూడా విడిగా డబ్బు తీసుకోవాలి, ఎందుకంటే అసలు తప్పు పట్టుబడేది అక్కడే. తెల్లగా కనిపించాలని పెళ్లివారు కోరితే చర్మం కన్నా రెండు ఛాయలు తేలికైన ఫౌండేషన్ రాస్తారు. ట్యూబులైటు కింద బాగానే ఉంటుంది, ఫొటోల్లో ముఖం బూడిద పూసినట్టు, మెడ వేరే మనిషిదన్నట్టు వస్తుంది. దవడ అంచున రాసి, గుమ్మం బయట పగటి వెలుగులో చూస్తే చర్మంలో కలిసిపోయే ఛాయ ఏదో తెలుస్తుంది. పసుపు నలుగు పెట్టాక చర్మం మీద పసుపుదనం నిలుస్తుంది కనుక పెళ్లిరోజు మళ్లీ ఒకసారి సరిచూసుకోవాలి.

ఇంటి నుంచి చేసే పనికి హద్దులూ ఉన్నాయి. వాక్సింగ్, హెయిర్ కలర్ వంటివి రోజూ ఇరుకింట్లో చేయడం కష్టం. ఖరీదైన జడబిళ్లలు, వడ్డాణాలు కొనకుండా అద్దెకు తెచ్చి, ఆ అద్దె చీటీలో చూపడమే మేలు.

శిక్షణ ఇచ్చే సంస్థలు చివరి పరీక్షలో పూలజడ అల్లించి చూస్తున్నాయి. దానితోపాటు ఒక పెళ్లికి రేటు చీటీ రాయించి, గంటల లెక్క వేయించాలి. ఉద్యమ్ నమోదు ఇంటి చిరునామాతోనే, ఉచితంగా అవుతుంది. అది చేయించకుండా ధ్రువపత్రం చేతికిచ్చి పంపకూడదు. బ్యాంకులవాళ్లు రుణం అడిగిన అమ్మాయిని షాపు ఎక్కడని అడుగుతున్నంతకాలం ఆమె అద్దె గది వెతుక్కుంటూనే ఉంటుంది. అడ్వాన్సులు రాసిన ఆర్డర్ల పుస్తకం చూపించమనాలి. గడిచిన రెండు సీజన్లలో ఎన్ని పెళ్లిళ్లు చేసిందో, ఎంత మిగిలిందో అందులో ఉంటుంది, వాయిదా కట్టగలదో లేదో దాన్నిబట్టి తేల్చవచ్చు.