గుటుక్కున మింగకూడని మాత్రలు

పై ఫొటోలో మూడు మాత్రలున్నాయి. మొదటిది ఛాతీనొప్పికి వాడే ఐసోసార్బైడ్ డైనైట్రేట్, రెండవది మూత్రపిండాలు చెడినవారికి ఇచ్చే లాంథనమ్ కార్బొనేట్, మూడవది నులిపురుగులకిచ్చే ఆల్బెండజోల్. వేటినెలా వేసుకోవాలో వాటి ఆకారాన్ని బట్టి చెప్పలేము. చిక్కంతా అక్కడే ఉంది.

మెట్లెక్కుతూ ఛాతీ బిగుసుకుపోయిన ఒక పెద్దాయనను ఊహించండి. ఇంటివారు కంగారుపడి మొదటి మాత్రను గ్లాసుడు నీళ్ళతో మింగిస్తారు. మింగిన మందు పేగుల నుండి ముందుగా కాలేయానికి చేరుతుంది. అక్కడ అధికభాగం విచ్ఛిన్నమైపోగా, మిగిలినది ఆలస్యంగా పనిచేస్తుంది. నొప్పి తగ్గలేదని మరొకటి మింగిస్తే, కొంతసేపటికి రెండూ కలిసి రక్తపోటును పడగొట్టవచ్చు. అదే మాత్రను నాలుక కింద ఉంచితే, అక్కడి పలుచని పొర గుండా మందు నేరుగా రక్తంలో కలిసి, కొద్ది నిమిషాలలోనే పని మొదలుపెడుతుంది.

కనుక రోగిని ముందు కూర్చోబెట్టాలి. నోరు ఎండిపోయి ఉంటే ఒక గుక్క నీటితో తడపాలి. మాత్ర పూర్తిగా కరిగేవరకు నమలకూడదు, మింగకూడదు. 5 నిమిషాలలో నొప్పి తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. సిల్డెనాఫిల్ వంటి మందులు వాడుతున్నవారు దీనిని వేసుకోరాదు.

రెండవ మాత్రను భోజనంతో పాటు పూర్తిగా నమలాలి. అది ఆహారంలోని ఫాస్ఫేట్‌ను పట్టి ఉంచాలంటే ముందు పొడి కావాలి. నమలకుండా మింగినవారిలో పేగులకు అడ్డుపడిన సందర్భాలు కూడా ఉన్నాయి. పళ్ళు లేనివారు మెత్తగా పొడిచేసుకుని వేసుకోవాలి.

మూడవ మాత్రను పిల్లలు నమిలి తినాలి. చిన్నపిల్లలకు రెండు చెంచాల మధ్య నలిపి, నీటిలో కలిపి ఇవ్వాలి. 1 నుండి 2 ఏళ్ళ వారికి సగం మాత్ర చాలు. ఏడుస్తున్న పిల్లవాడి నోట్లో మొత్తం బిళ్ళ వేస్తే అది గొంతుకు అడ్డుపడి ఊపిరి ఆగే ప్రమాదముంది.

ఐసోసార్బైడ్ డైనైట్రేట్‌ను కొందరికి రోజువారీ మోతాదుగా మింగడానికి కూడా వ్రాస్తారు. అంటే మందు పేరు తెలిసినంత మాత్రాన సరిపోదు. దుకాణంలో స్ట్రిప్పును కత్తిరించి నాలుగు మాత్రలే ఇచ్చినప్పుడు, దానిమీద అచ్చయిన సూచన కూడా తెగిపోతుంది. అందుచేత నా అభిప్రాయం ఒకటే. వైద్యుడు చీటీలో “నాలుక కింద”, “నమలాలి”, “మింగాలి” అని తెలుగులో వ్రాయాలి. మందు ఇచ్చేవారు కవరు మీద ఆ మాటనే వ్రాసి ఇవ్వాలి. వ్రాయకపోతే రోగి అడిగి వ్రాయించుకోవాలి. అలాగని ప్రతి మాత్రనూ నమలరాదు. రోజంతా నెమ్మదిగా విడుదలయ్యేలా చేసిన మాత్రను నమిలితే మందంతా ఒక్కసారే శరీరంలో చేరుతుంది.